ఫొటో దిద్దుతుండగా తెర వెలుగు దానంతట అదే మారుతుంటే: విండోస్ ల్యాప్‌టాప్‌లో దాన్ని పూర్తిగా ఆపడం ఎలా?

రాత్రి ముహూర్తం పెళ్లి ఫొటోలు దిద్దుతున్నాను. కరెంటు పోవడంతో ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. మండపం వెనక అంతా చీకటిగా ఉన్న ఫొటో పూర్తిచేసి తర్వాతి దానికి వెళ్లాను. మధుపర్కాల్లో వధూవరులు, నిండా తెలుపే. తెర మీదకు రాగానే కాస్త మసగ్గా కనిపించింది, ఎక్స్‌పోజర్ 0.30 పెంచాను. మూడు సెకన్లు గడిచేసరికి చీర అంచు తెల్లగా పాలిపోయింది. తగ్గించాను. మళ్లీ చీకటి ఫొటోకి వెళ్లి వచ్చాను, మళ్లీ మసక. ఈసారి మౌస్ ముట్టుకోకుండా చూస్తూ కూర్చున్నాను. ఫొటో మెల్లగా వెలుగెక్కింది. పక్కన ఉన్న హిస్టోగ్రామ్ మాత్రం వెంట్రుకవాసి కూడా కదలలేదు.

ఫొటోలో మార్పేమీ లేదు, మారింది తెర. ఇది తెలియక ఆ పూట దిద్దిన నలభై ఫొటోలనూ మర్నాడు మళ్లీ దిద్దుకోవలసి వచ్చింది. ఈ పని చేసే సదుపాయం ఒక్కటే ఉంటే ఒక బటన్ ఆపేసి ఊరుకోవచ్చు. కానీ ఒకే ల్యాప్‌టాప్‌లో మూడు నాలుగు చోట్ల, వేరువేరు పేర్లతో ఉంటుంది. ఒకటి ఆపి, తగ్గలేదని విసుక్కుని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఇక్కడ చెప్పే మెట్లు విండోస్ 11 కోసం.

మారేది దేన్ని చూసి?

రెండు రకాల మార్పులను కలగాపులగం చేసుకోకూడదు. మొదటిది గదిని చూసి మారేది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో వెబ్‌క్యామ్ పక్కన చిన్న కాంతి సెన్సర్ ఉంటుంది. కిటికీ తెరిస్తే తెర వెలుగు పెంచుతుంది, లైటు ఆర్పితే తగ్గిస్తుంది. దీనివల్ల బొమ్మ మొత్తం ఒకే పాళ్లలో మారుతుంది కాబట్టి చిరాకు పుట్టిస్తుంది గానీ, ఫొటోలోని వివరాలను పాడుచేయదు.

రెండోది తెర మీద ఉన్న బొమ్మను చూసి మారేది. అసలు చిక్కంతా దీనితోనే. బొమ్మలో ఎక్కువ భాగం చీకటిగా ఉంటే, అంత బ్యాక్‌లైట్ దండగ అనుకుని దాన్ని తగ్గిస్తుంది. తగ్గించినట్టు మన కంటికి తెలియకుండా ఉండేందుకు బొమ్మలోని చుక్కల విలువలను ఆ మేరకు పెంచుతుంది. మధ్యస్థంగా ఉన్న రంగులకు ఈ లెక్క కొంతవరకు సరిపోతుంది. కానీ అప్పటికే 240, 250 దగ్గర ఉన్న చుక్కలను పెంచడానికి పైన చోటెక్కడుంది? అవన్నీ 255 దగ్గరికి చేరి ఒకే ముద్దగా కనిపిస్తాయి. చీకటి మండపం ముందు మెరిసే వడ్డాణంలో రాళ్ల మధ్య తేడా, దీపం చుట్టూ ఉండే వెలుగు మెట్లు ముందుగా పోయేది అందుకే. అవి ఫైల్‌లో భద్రంగా ఉన్నా తెర మీద పోయినట్టు కనిపిస్తాయి. మనం హైలైట్స్ లాగి కిందికి దించేస్తాం, ప్రింటు వేయిస్తే నగలు వెలవెలబోతాయి.

ఈ సర్దుబాటు కనురెప్పపాటులో జరగదు. మార్పు గబుక్కున కొట్టొచ్చినట్టు ఉండకూడదని కొన్ని సెకన్ల మీద మెల్లగా చేస్తారు. ఫొటోలు దిద్దేవారిని దెబ్బతీసేది ఈ మెల్లదనమే. తెర సర్దుకునేలోపే మనం స్లైడర్ మీద చేయి వేస్తాం.

లైట్‌రూమ్ క్లాసిక్‌లో L మీట నొక్కి చుట్టూ ఉన్నదంతా చీకటి చేసుకునే అలవాటు ఉన్నవారికి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. ఫొటోను నిదానంగా చూద్దామని చుట్టూ నల్లగా చేస్తాం, ఆ నలుపును చూసి తెర బ్యాక్‌లైట్ తగ్గించుకుంటుంది.

ముందు పరీక్ష, తర్వాత సెట్టింగులు

ఏ బటన్ ముట్టుకునే ముందైనా, ఉన్నది ఏ రకమో తేల్చుకోవాలి. పెయింట్‌లో గానీ ఫొటోషాప్‌లో గానీ మీ తెర కొలతకు సరిపడా రెండు బొమ్మలు చేయండి. రెండింటిలోనూ సరిగ్గా మధ్యలో ఒక బూడిద రంగు చతురస్రం, దాని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు మూడూ 128. ఒక బొమ్మలో చుట్టూ పూర్తి నలుపు, రెండోదాంట్లో పూర్తి తెలుపు. వీటిని తెర నిండా వచ్చేలా తెరిచి, బాణం మీటతో ఒకదాని తర్వాత ఒకటి చూడండి. ఒక్కోదాని దగ్గర పది సెకన్లు ఆగాలి.

ఇక్కడ మన కన్నే మోసం చేస్తుంది. ఏ మార్పూ లేని మంచి తెర మీద కూడా నలుపు మధ్య ఉన్న బూడిద రంగు లేతగా, తెలుపు మధ్య ఉన్నది ముదురుగా కనిపిస్తుంది. ఈ భ్రమ బొమ్మ మారిన క్షణంలోనే కలుగుతుంది, ఆ తర్వాత పెద్దగా పెరగదు. తెర చేసే మార్పు నెమ్మదిగా పాకుతుంది. కాబట్టి ఎలా కనిపిస్తోంది అని కాక, రెండో సెకనుకూ ఎనిమిదో సెకనుకూ తేడా ఉందా అని చూడండి.

కన్ను మీద నమ్మకం లేకపోతే, ఉండనవసరం లేదు కూడా, ఫోనుతో కొలవండి. నల్ల చార్టు కాగితంలో రూపాయి బిళ్లంత రంధ్రం చేసి, ఆ రంధ్రం బూడిద చతురస్రం మీదకు వచ్చేలా తెరకు ఆనించండి. ఫోనును పుస్తకాల దొంతర మీద కదలకుండా పెట్టి, కెమెరాను ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 100, షట్టర్ 1/50, వైట్ బ్యాలెన్స్ ఏదో ఒక అంకె దగ్గర స్థిరంగా ఉంచండి. గదిలో లైటు ఆర్పేయండి. రెండు బొమ్మలకూ పది సెకన్లు ఆగాక ఫొటో తీసి, ఆ రెండు ఫొటోల్లో బూడిద భాగం విలువ ఎంతో ఏదైనా ఫొటో ప్రోగ్రాంలోని ఐడ్రాపర్‌తో చూడండి. చార్టు కాగితం ఎందుకంటే, చుట్టూ ఉన్న తెల్లని వెలుగు ఫోను లెన్సులో చిమ్మి లెక్కను తప్పుదారి పట్టిస్తుంది.

నా ల్యాప్‌టాప్‌లో చార్జర్ పెట్టినప్పుడు రెండు ఫొటోల్లోనూ 120, 121 వచ్చింది. చార్జర్ తీశాక తెలుపు చుట్టూ ఉన్నప్పుడు 119, నలుపు చుట్టూ ఉన్నప్పుడు 97. ఒకటి రెండు అంకెల తేడా ఫోనుది, ఇరవై రెండు అంకెల తేడా తెరది. చార్జర్‌తో లేదు, బ్యాటరీ మీద ఉంది అంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌నో, బ్యాటరీ ఆదా సెట్టింగునో అనుమానించవచ్చు. రెండు స్థితుల్లోనూ ఉంటే అనుమానం విండోస్ మీదకో, ప్యానెల్ మీదకో వెళుతుంది. కాబట్టి పరీక్షను తప్పకుండా రెండు విధాలా చేయండి.

స్క్రీన్‌షాట్ తీసి పోల్చుకుందామని కొందరు అనుకుంటారు. దానివల్ల లాభం లేదు. బొమ్మ తయారై తెరకు వెళ్లే దారిలో ఈ సర్దుబాటు జరుగుతుంది, స్క్రీన్‌షాట్ దానికి ముందున్న బొమ్మను పట్టుకుంటుంది. ఒక విధంగా ఇదీ రుజువే: కంటికి తేడా కనిపిస్తూ, స్క్రీన్‌షాట్లలో విలువలు ఒకేలా ఉన్నాయంటే తప్పు ఎడిటింగ్ ప్రోగ్రాంది కాదు.

సెన్సర్ సంగతి తేల్చడం తేలిక. బొమ్మ మార్చకుండా, వెబ్‌క్యామ్ ఉన్న పై అంచును అరచేత్తో పది సెకన్లు మూసి చూడండి, తర్వాత ఫోను టార్చి వేయండి. తెర కదిలితే సెన్సర్ పనిచేస్తున్నట్టే.

విండోస్‌లో

Settings తెరిచి System, అందులో Display. Brightness స్లైడర్‌కు కుడివైపు చిన్న బాణం గుర్తు ఉంటుంది. చాలామంది స్లైడర్ వరకే చూసి వెనక్కి వచ్చేస్తారు, కావలసినవి ఆ బాణం కింద దాగి ఉంటాయి. Change brightness automatically when lighting changes అనే గడిలో టిక్కు తీసేయండి. గదిని చూసి మారేది దీంతో ఆగుతుంది. దాని దగ్గరే Change brightness based on content ఉంటుంది, బొమ్మను చూసి మారేది అదే. దాన్ని Off చేయండి. On Battery Only అని కూడా ఒక ఎంపిక ఉంటుంది. చార్జర్ ఉన్నంతసేపు బాగుంది కదా అని దాన్ని ఉంచుకుంటే, నాకు జరిగినట్టే కరెంటు పోయిన రోజున దొరికిపోతారు.

ఈ రెండింటిలో ఏదో ఒకటి మీ ల్యాప్‌టాప్‌లో కనిపించకపోవచ్చు. సెన్సర్ లేని యంత్రంలో మొదటిది చూపించదు. రెండోది లేనంత మాత్రాన మీ తెరకు ఆ అలవాటు లేదని కాదు, దాన్ని నడిపేది విండోస్ కాదని మాత్రమే అర్థం.

గడిలో టిక్కు తీసినా సెన్సర్ మార్పు ఆగకపోతే, పవర్ ప్లాన్‌లో పాత విలువ మిగిలి ఉండవచ్చు. Terminal తెరిచి ఈ మూడు వరుసలూ ఒక్కొక్కటిగా ఇవ్వండి. మొదటిది చార్జర్ ఉన్నప్పటికి, రెండోది బ్యాటరీ మీద ఉన్నప్పటికి, మూడోది వాటిని అమల్లోకి తేవడానికి.

```
powercfg /setacvalueindex scheme_current sub_video ADAPTBRIGHT 0
powercfg /setdcvalueindex scheme_current sub_video ADAPTBRIGHT 0
powercfg /setactive scheme_current
```

System కిందే Power & battery లో Energy saver ఉంటుంది. ఇది మొదలైనప్పుడు తెర వెలుగును తగ్గించే సెట్టింగు అందులోనే ఉంది, దాన్నీ ఆపండి. ఇది బొమ్మను చూసి మారదు, బ్యాటరీ అక్కడ పెట్టి ఉన్న శాతానికి పడిపోగానే ఒక్కసారిగా తగ్గిస్తుంది. ఎడిటింగ్ మధ్యలో ఆ గీత దాటితే అప్పటిదాకా దిద్దినవీ ఆ తర్వాత దిద్దినవీ రెండు రకాలుగా తేలతాయి. Night light కూడా సూర్యాస్తమయానికి దానంతటదే వెలిగేలా పెట్టి ఉందేమో చూడండి. ఇది మార్చేది వెలుగును కాదు, రంగును.

ఇప్పుడు పరీక్ష మళ్లీ చేయండి. ఇక్కడితో తేలిపోయినవాళ్లు అదృష్టవంతులు.

గ్రాఫిక్స్ డ్రైవర్‌లో

నాకు తేలింది ఇక్కడే. మీ ల్యాప్‌టాప్‌లో ఎన్విడియా కార్డు ఉన్నా సరే, చాలా యంత్రాల్లో లోపలి తెరను నడిపేది ప్రాసెసర్‌తో కలిసి వచ్చిన ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్సే. కాబట్టి వెతకవలసింది వాటి సెట్టింగుల్లో. ఎన్విడియా ప్యానెల్‌లో గంటల తరబడి వెతికినా దొరకదు.

ఇంటెల్ అయితే Intel Graphics Command Center తెరవండి. లేకపోతే మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది. ఎడమవైపు System, అందులో Power. పైన చార్జర్‌కూ బ్యాటరీకీ వేరువేరు భాగాలు ఉంటాయి. On Battery లో Display Power Savings అనేది కనిపిస్తుంది, అసలు దొంగ అదే. ఆపేయండి. అక్కడే Adaptive Brightness ఉంటే దాన్నీ ఆపండి. చార్జర్ భాగంలో కూడా ఒకసారి చూసి రండి. కొత్త యంత్రాల్లో దీని బదులు వేరే పేరుతో ఇంటెల్ ప్రోగ్రాం ఉంటుంది. అందులో కూడా తెరకు, పవర్‌కు సంబంధించిన భాగంలోనే వెతకాలి.

ఏఎండీ వాళ్లు ఈ పనికి Vari-Bright అని పేరు పెట్టారు. AMD Software తెరిచి, పైన కుడి మూల పళ్లచక్రం గుర్తు నొక్కి, Display కి వెళ్లి Vari-Bright ను ఆపండి. అది కనిపించకపోయినా, నొక్కడానికి వీల్లేకుండా ఉన్నా చార్జర్ తీసి మళ్లీ చూడండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు పనిచేసే సదుపాయం కావడంతో కొన్ని యంత్రాల్లో అప్పుడే చేతికి దొరుకుతుంది.

రిజిస్ట్రీలో ఫలానా అంకె మార్చితే ఇంటెల్ సర్దుబాటు ఆగిపోతుందని సలహాలు తిరుగుతుంటాయి. ఆ విలువ ఒక్కో యంత్రంలో ఒక్కోలా ఉంటుంది, ఒకరి అంకెను తెచ్చి మరొకరి యంత్రంలో పెట్టడం నాకు నచ్చని పని. పైన చెప్పిన బటన్ పనిచేయనప్పుడు ల్యాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి మీ మోడల్‌కే ఇచ్చిన గ్రాఫిక్స్ డ్రైవర్ వేసుకుని చూడడం మేలు.

తయారీదారు ప్రోగ్రాం, బయోస్

ల్యాప్‌టాప్‌తో పాటు కంపెనీ వేసిచ్చే ప్రోగ్రాంలో కళ్ల రక్షణ, సినిమా రంగులు, తెలివైన కాంట్రాస్ట్ లాంటి పేర్లతో ఏమేమి ఉన్నాయో చూసి అన్నిటినీ ఆపండి, లేదా మామూలు రంగుల మోడ్‌లో పెట్టండి. బయోస్‌లోకి కూడా ఒకసారి తొంగిచూడండి. కొన్ని డెల్ మోడళ్లలో డిస్‌ప్లే భాగంలో EcoPower అనే ఎంపిక ఉంటుంది, అదీ ఇదే కోవలోది. అక్కడ ఆపకపోతే విండోస్‌లో ఎంత వెతికినా ఫలితం ఉండదు.

అన్నీ ఆపినా ఆగకపోతే

పరీక్షలో బూడిద రంగు నలుపు మధ్య తగ్గుతూనే ఉంటే, చార్జర్ ఉన్నా లేకపోయినా అదే తంతు అయితే, ఆ అలవాటు ప్యానెల్‌లోనే ఉండవచ్చు. తెర లోపలి చిన్న చిప్పులో రాసి ఉన్న దాన్ని సెట్టింగులతో ఆపలేం. తయారీదారు మీ మోడల్‌కు ప్యానెల్ ఫర్మ్‌వేర్ గానీ బయోస్ అప్‌డేట్ గానీ ఇచ్చారేమో చూడడం ఒక్కటే దారి. అదీ లేకపోతే బయటి మానిటర్ పెట్టుకోవడం మంచిది. దాని మెనూలో కూడా డైనమిక్ కాంట్రాస్ట్ అనేది ఒకటి ఉంటుంది, ముందే ఆపేయండి.

మానిటర్ కొనేదాకా పని ఆగదు కదా. అంతవరకు ఎడిటింగ్ ప్రోగ్రాంలో ఫొటో చుట్టూ ఉన్న నేపథ్యాన్ని నలుపు బదులు లేత బూడిదకో, తెలుపుకో మార్చుకోండి. లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫొటో పక్కనున్న ఖాళీ చోట కుడి క్లిక్ చేస్తే ఆ ఎంపిక వస్తుంది. తెర మీద ఎప్పుడూ కొంత వెలుగు ఉండడంతో బ్యాక్‌లైట్ అంతగా పడిపోదు. L మీటను, ఫొటోను తెర నిండా నల్లని నేపథ్యంలో చూపే మోడ్‌ను వాడకండి. ఇది సర్దుకుపోవడమే గానీ పరిష్కారం కాదు.

పరీక్షలో ఫలితం తలకిందులుగా వస్తే, అంటే తెలుపు చుట్టూ ఉన్నప్పుడే బూడిద రంగు తగ్గితే, మీది ఓఎల్ఈడీ తెర అయి ఉండవచ్చు. అందులో బ్యాక్‌లైట్ ఉండదు, ప్రతి చుక్కా తనే వెలుగుతుంది. తెరంతా తెల్లగా వెలిగితే కరెంటు, వేడి పెరుగుతాయి కాబట్టి మొత్తం వెలుగును అదుపు చేస్తుంది. దీనికి ఆపే బటన్ వెతకడం వృథా. విండోస్‌లో HDR ఆపి, తెర వెలుగును పైస్థాయి నుంచి బాగా కిందికి దించి మళ్లీ పరీక్షించండి. ఆ పరిమితి తగలనంత కిందికి వచ్చాక రెండు బొమ్మల్లోనూ ఒకే విలువ వస్తుంది.

క్యాలిబ్రేషన్ మళ్లీ చేయాల్సిందే

ఇది చాలామంది మర్చిపోయే మెట్టు. ఈ సదుపాయాలు నడుస్తుండగా క్యాలిబ్రేటర్‌తో తయారుచేసుకున్న ప్రొఫైల్ ఉంటే దాన్ని తీసేయండి. క్యాలిబ్రేటర్ తెర మీద ఒక రంగు గడి చూపించి కొలుస్తుంది, తర్వాత ఇంకోటి. ముదురు గడి వచ్చినప్పుడు తెర బ్యాక్‌లైట్ తగ్గించుకుంటే, ఆ తగ్గుదలను తెర గుణంగా లెక్కగట్టి ప్రొఫైల్‌లో రాసేస్తుంది. అలాంటి ప్రొఫైల్‌తో పనిచేయడం కంటే ప్రొఫైల్ లేకపోవడమే నయం.

అన్నీ ఆపాక, పరీక్షలో తేడా ఒకటి రెండు అంకెలకు వచ్చాక, తెరను అరగంట వెలిగించి ఉంచి అప్పుడు క్యాలిబ్రేట్ చేయండి. ప్రింటు కోసం దిద్దేవారు సాధారణంగా చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య వెలుగు పెట్టుకుంటారు. గది ఎంత మసగ్గా ఉంటే అంత తక్కువ. ఆ తర్వాత వెలుగు మీటలను ముట్టుకోకూడదు. స్లైడర్ ఎన్ని శాతం దగ్గర ఉందో చిన్న కాగితం మీద రాసి కీబోర్డు పక్కన అంటించుకున్నాను, పిల్లలు వాడి ఇచ్చాక అక్కడికి తెచ్చుకోవడానికి.

డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు Display Power Savings గానీ Vari-Bright గానీ చెప్పాపెట్టకుండా తిరిగి మొదలవుతుంటాయి. ఆ రెండు బూడిద బొమ్మలను డెస్క్‌టాప్ మీదే ఉంచుకోండి. పెద్ద పెళ్లి పని మొదలుపెట్టే ముందు చార్జర్ తీసి, ఇరవై సెకన్లు ఆ రెండింటినీ తిప్పి చూస్తాను. కదలకపోతే చార్జర్ పెట్టేసి మొదటి ఫొటో తెరుస్తాను.